మిషను ముందు కూర్చోబెట్టి అడుగు

చి.సౌ. శైలజకు,

మీ అత్తగారి పాత సంగతులు రాసి పెట్టుకుంటానన్నావు. "అప్పటి కబుర్లు చెప్పండత్తయ్యా" అని అడిగితే "ఏముందమ్మా, అందరిలాగే" అంటారు, అక్కడితో సరి. ఆవిడ తొక్కిన కుట్టుమిషను బయటికి తియ్యి.

ముందురోజే దాన్ని సిద్ధం చెయ్యి. బిగుసుకుపోతే నూనె రంధ్రాల్లో రెండేసి చుక్కలు మిషను నూనె వేసి, చక్రం చేత్తో మెల్లగా తిప్పు. కొబ్బరినూనె వెయ్యకు, జిగురుకట్టి ఇంకా పట్టేస్తుంది. దుమ్ము తుడువు గానీ సొరుగు మాత్రం సర్దకు. గుండీలు, అరిగిన సుద్దముక్క, సగం ఖాళీ అయిన బాబిన్లు ఉన్నవున్నట్టే ఉండాలి. బాబిను మీద ఒక రంగు దారంపైన ఇంకో రంగు చుట్టి ఉంటుంది చూడు, అడుగున ఉన్నది పాత కుట్టుది. విప్పకుండా ఆవిడ చేతికివ్వు.

కూర్చోగానే ప్రశ్నలు వెయ్యకు, దారం ఎక్కించమను. చూపు ఆనకపోతే సూది బెజ్జంలోకి నువ్వు దూర్చు, మిగతాదంతా ఆవిడ చేతులే చేసుకుపోతాయి. అప్పుడు చేతిలో ఉన్నదాని గురించే అడుగు. "ఈ ఆకుపచ్చ దారం దేనికత్తయ్యా?" జాకెట్టుకంటారు. ఎవరి జాకెట్టు? అప్పుడు మిషను ఏ గదిలో ఉండేది, వెలుతురు ఎటునుంచి పడేది? గది కళ్లకు కట్టిందంటే అందులో తిరిగిన మనుషులూ వస్తారు. ఏ సంవత్సరమని మాత్రం అడగకు, లెక్కల్లో పడి మాట తెగిపోతుంది. ఫోనులో రికార్డు చేస్తుంటే తొక్కడం ఆగాకే మాట్లాడించు, లేకపోతే చప్పుడే మిగులుతుంది. అరగంట చాలు.

"అది మా ఆయన బారసాలకు కుట్టిన చొక్కాయేనా?" అని నోటికి అందించావో, మొహమాటానికి అవునంటారు. మళ్లీసారి నీ మాటే తన జ్ఞాపకంగా చెబుతారు, తేడా కనిపెట్టలేవు. పక్కన కూర్చుని సరిదిద్దే ఆడపడుచులతోనూ ఇదే చిక్కు. ఆ పూట వాళ్లను వేరే పనికి పంపు.

సంవత్సరం కావాలంటే స్టీలు టిఫిను డబ్బాలు తిరగేసి చూడు. శుభకార్యాలకిచ్చే సామాను మీద పేరు, తేదీ కొట్టించేవాళ్లు గదా. అరిగిపోతే లైటు ఆర్పి టార్చి పక్కవాటుగా పట్టు. అప్పటికీ తెలియకపోతే కాస్త పసుపు రుద్ది పైపైన తుడువు, గీతల్లో నిలుస్తుంది. పీచుతో తోమితే ఉన్నది కాస్తా పోతుంది. 14-5-1978 అని కనిపించిందనుకో, "ఆ జాకెట్టు ఈ డబ్బా రాకముందా, వచ్చాకా?" అని అడుగు. ముందూ వెనకా చెప్పడం ఎవరికైనా తేలికే.

అయితే ఆ తేదీ సామాను ఇచ్చిన రోజుది, అంతే. పైగా ఒకింట వచ్చిన గిన్నె ఇంకో ఇంటికి కానుకగా వెళ్లడం మామూలే. మూత మీద ఒక పేరు, డబ్బా మీద ఇంకో పేరు ఉంటే దాన్ని తేదీకి లెక్కలోకి తీసుకోకు. ఆ మూత ఎవరిదని మాత్రం తప్పకుండా అడుగు.

నీ పెద్దమ్మ