టెక్ సందేహాలు: కమ్మలు సాగకుండా బొమ్మ తల తిప్పేదెలా?

ప్రశ్న: మా స్నేహితురాలు నన్ను వాటర్‌కలర్‌లో గీసిచ్చింది. బొట్టు, ముక్కుపుడక, బుట్టకమ్మలు అన్నీ ఉన్నాయి. టెలిగ్రామ్ ప్రొఫైల్ కోసం ఆ బొమ్మ కళ్లార్పి తల తిప్పేలా ఓ యాప్‌లో చేసి చూశాను. కమ్మలు జిగురులా సాగుతున్నాయి. వీడియో మళ్లీ మొదలయ్యే చోట తల ఎగిరిపడుతోంది. ఏం చేయాలి?
– ఓ పాఠకురాలు, కాకినాడ

జవాబు: ముందు తల తిప్పే కోణం తగ్గించండి. మీ దగ్గరున్నది ఒక్క బొమ్మే. తల పక్కకు తిరిగితే కనపడాల్సిన చెంప, చెవి వెనక జుట్టు అందులో లేవు కాబట్టి ప్రోగ్రామ్ వాటిని ఊహించి నింపుతుంది. ఫొటోలో ఆ ఊహ చాలావరకు కుదురుతుంది, వాటర్‌కలర్‌లో మాత్రం కుంచె గీతలు, కాగితపు గరుకు కూడా చర్మంతో పాటు సాగి దొరికిపోతాయి. సుమారు 15 డిగ్రీలు చాలు. ముక్కు కొన కంటి లోపలి మూలకు సరిగ్గా కిందికి వచ్చిందంటే ఎక్కువ తిప్పేసినట్టే.

దీనికి నేను వాడేది లైవ్‌పోర్ట్రెయిట్. 2024లో వచ్చిన ఓపెన్ సోర్స్ ప్రోగ్రామ్ ఇది. మీ బొమ్మతో పాటు ఎవరైనా తల కదిలించిన వీడియో ఇస్తే ఆ కదలికను బొమ్మకు ఎక్కిస్తుంది. ఆ వీడియో మీరే తీసుకోండి, ఫలితం సగం దాని మీదే ఆధారపడుతుంది. ఫోన్‌ను కళ్ల ఎత్తులో నిలబెట్టి, భుజాలు కదలకుండా కూర్చోండి. అర సెకను కదలకుండా చూడండి, ఒక సెకనులో మెల్లగా తల తిప్పండి, అక్కడ ఇంకో అర సెకను ఆగండి. కన్ను ఆర్పాల్సింది తల సగం తిరిగినప్పుడు. యానిమేటర్లు ఎప్పటినుంచో చేసే పనే ఇది. తల తిరిగేటప్పుడు మనం సహజంగానే రెప్ప వేస్తాం, పైగా కనుపాప వంకరపోయే క్షణం రెప్ప చాటుకు పోతుంది.

బొమ్మను, వీడియోను చతురస్రంగా కత్తిరించి, వీడియో మొదటి ఫ్రేమ్‌ను ఒకసారి ఆపి చూడండి. ప్రోగ్రామ్ మిగతా కదలికనంతా ఆ ఫ్రేమ్‌తో పోల్చి లెక్కిస్తుంది. అందులో మీ కళ్లు సగం మూసి ఉన్నా, నవ్వుతున్నా ఆ తేడా వీడియో పొడవునా బొమ్మ ముఖానికి అంటుకుంటుంది. ముఖం నిటారుగా, మామూలుగా ఉన్న చోట నుంచే కత్తిరించండి. బొమ్మకు `bomma.jpg`, వీడియోకు `tala.mp4` అని పేరు పెట్టి, కంప్యూటర్‌లో లైవ్‌పోర్ట్రెయిట్ ఇన్‌స్టాల్ చేసుకున్న ఫోల్డర్‌లో ఉంచండి. అక్కడే టెర్మినల్ తెరిచి ఈ కమాండ్ ఇవ్వండి:

```
python inference.py -s bomma.jpg -d tala.mp4
```

రెండు వీడియోలు వస్తాయి. పేరు చివర `_concat` ఉన్నది పోల్చి చూసుకోడానికే, రెండోది తీసుకోండి. దాని పేరు `turn.mp4` అని మార్చుకుంటే కింది కమాండ్ అలాగే వాడుకోవచ్చు.

ఇక కమ్మల సంగతి. బొట్టు, ముక్కుపుడక చర్మానికి అతుక్కుని ఉంటాయి కాబట్టి ముఖంతోనే కదిలి బతికిపోతాయి. బుట్టకమ్మ వేలాడే వస్తువని ప్రోగ్రామ్‌కు తెలియదు. పై భాగం చెవితో కదులుతుంది, కింది భాగం కదలని మెడ దగ్గర ఉండిపోతుంది, మధ్యలోది సాగుతుంది. కోణం తగ్గించాక కూడా సాగుడు కనిపిస్తే బొమ్మ కాపీలో బుట్టలు చెరిపేసి దిద్దులు మాత్రం ఉంచండి. వేలెడంత ప్రొఫైల్ వలయంలో ఆ లోటు ఎవరికీ తెలియదు. ఆమె గీసిన బొమ్మ కదా, చెరిపే ముందు ఓ మాట అడగండి.

తల ఎగిరిపడడానికి కారణం మొదటి, చివరి ఫ్రేములు కలవకపోవడం. తలను మళ్లీ మొదటి చోటికే కచ్చితంగా తేవడం మనిషి వల్ల కాదు. అందుకే వెళ్లే కదలిక మాత్రమే తీసుకున్నాం. వీడియోలను మార్చే ఉచిత ప్రోగ్రామ్ ffmpegతో దాన్నే తిరగేసి వెనక అతికిస్తే సరి:

```
ffmpeg -i turn.mp4 -filter_complex "[0:v]scale=800:800,split[a][b];[b]reverse[r];[a][r]concat=n=2:v=1" -an -pix_fmt yuv420p loop.mp4
```

నాలుగు సెకన్ల వీడియో వస్తుంది, శబ్దం ఉండదు. రెండు చివర్లా మీరు ఆగిన అర సెకన్లు కలిసి చెరో సెకను విరామం అవుతాయి, తల గోడకు తగిలిన బంతిలా వెనక్కి రాదు. రెప్ప మామూలుగా వేగంగా మూసుకుని నెమ్మదిగా తెరుచుకుంటుంది, తిరగేసిన సగంలో అది తారుమారవుతుంది. పెద్ద తెర మీదైతే ఒప్పుకోను గానీ ప్రొఫైల్‌కు ఫర్వాలేదు. అతుకు చూడ్డానికి `ffplay -loop 0 loop.mp4` నడపండి.

టెలిగ్రామ్‌లో ఎక్కించేటప్పుడు కవర్ ఫ్రేమ్ అడుగుతుంది, కళ్లు తెరిచి ఉన్నది ఎంచుకోండి. ఒక హెచ్చరిక: లైవ్‌పోర్ట్రెయిట్‌తో వచ్చే ముఖం గుర్తించే మోడల్‌ను వ్యాపారానికి ఉచితంగా వాడకూడదు. ప్రొఫైల్‌కు ఇబ్బంది లేదు, షాపు ప్రకటనకైతే వద్దు.

ముఖంలో సగం కళ్లే ఉండే కార్టూన్ బొమ్మలున్న పాఠకులకు ఈ దారి పనికిరాదు. ముఖమే దొరకలేదంటుంది, దొరికినా రెప్ప పూర్తిగా మూసుకోదు. లేయర్లున్న ఏ డ్రాయింగ్ యాప్‌లోనైనా సగం మూసిన కన్ను, మూసిన కన్ను వేరుగా గీయండి. సెకనుకు 24 ఫ్రేముల లెక్కన సగం మూసినది 2, మూసినది 2, మళ్లీ సగం మూసినది 3 ఫ్రేములు పెడితే రెప్పపాటు నిజంలాగే ఉంటుంది. తల తిప్పే ఆశ మాత్రం వదులుకోండి.