ఉల్లి, వెల్లుల్లి తింటే తమోగుణం పెరుగుతుందా?

ప్రశ్న: "మా ఇంట్లో ఉల్లి, వెల్లుల్లి తామసం అంటారు. నిజంగా తిండిని బట్టి గుణం మారుతుందా? మీ అనుభవం చెప్పండి."

భగవద్గీత 17వ అధ్యాయంలో 8, 9, 10 శ్లోకాలు తీసి చూడండి. వాటిలో ఉల్లి పేరూ లేదు, వెల్లుల్లి పేరూ లేదు. మనుస్మృతి 5వ అధ్యాయం వాటిని ద్విజులకు నిషేధించింది కానీ, అది ఆచారం. గుణాల లెక్క వేరు. ఆయుర్వేదంలో అదే వెల్లుల్లి మందు కూడా.

గీత చూసేది పదార్థం పేరు కాదు, అది ఏ స్థితిలో ఉందనేది. రసం, జిడ్డు ఉండి ఒంట్లో నిలిచేది, మనసుకు హితమైనది సాత్వికం. కారం, పులుపు, ఉప్పు, వేడి వంటివి అతి అయితే రాజసం. సారం పోయినది, నిలవది, కుళ్ళు వాసన వచ్చేది, ఎంగిలిది తామసం. మా ఇంటి పెసరపప్పునే తీసుకోండి. అప్పుడే దించి, నెయ్యి వేసి తింటే ఒక రకం. అందులోకే నాలుగు ఎండుమిరపకాయలు ఎక్కువ వేసి, పైన ఆవకాయ నంజుకుంటే గొంతు నుంచి కడుపు దాకా మంట, ఆపైన దాహం. మిగిలినది ఫ్రిజ్‌లో పెట్టి ఎల్లుండి తీస్తే పైన నీరు తేలి, రుచి చప్పబడి ఉంటుంది. గింజ ఒకటే, గుణాలు మూడు.

ఇంకో సంగతి చాలామంది గమనించరు. ఆ శ్లోకాలు "ఇది తింటే ఇలా అవుతావు" అన్న దగ్గరే ఆగవు. ఇవి సాత్వికులకు ఇష్టం, ఇవి రాజసులకు ఇష్టం అని మనిషి రుచిని బట్టి స్వభావాన్ని చెబుతాయి. నాకు బాగా పనికొచ్చింది ఈ మాటే. ఆఫీసులో ఎవరితోనైనా గట్టిగా వాదించి వచ్చిన రోజు నా చెయ్యి తిన్నగా ఆవకాయ జాడీ మీదికే పోతుంది. ఏ పనీ చేయబుద్ధి కాక దిగులుగా ఉన్న రోజు నిన్నటి కూర వేడి కూడా చేయకుండా, ఫోన్ చూస్తూ తినేస్తాను. అంటే తిండి కంటే ముందే మనసు ఆ గుణంలో ఉంది. ఇప్పుడు ఆ కోరిక పుట్టగానే, కారం మానే ముందు, కోపం దేనిమీదో చూసుకుంటాను.

అలాగని ఎవరినీ "తామసుడు" అని ముద్ర వేయకండి. 14వ అధ్యాయం 10వ శ్లోకం ప్రకారం మూడు గుణాలూ ఒకదాన్నొకటి అణచుకుంటూ ప్రతివారిలోనూ ఉంటాయి. సత్త్వం కూడా సుఖం మీద, జ్ఞానం మీద ఆసక్తితో మనిషిని కట్టేస్తుందని అక్కడే 6వ శ్లోకం. ఉల్లి మానేశానన్న గర్వంతో పక్కవాళ్ళ కంచం వంక చూసి మొహం చిట్లించేవాళ్ళను చూసినప్పుడల్లా నాకు ఆ శ్లోకమే గుర్తొస్తుంది.

మీ ఇంట్లో పెద్దలు మానమంటే, వాళ్ళ ఆచారంగా మానండి. గుణం కోసమైతే మాత్రం వండిన పూటే తినడం, అతి కారం తగ్గించడం ముందు చూడండి.