కీమోకి ముందు సెలైన్ ఎందుకు? కొబ్బరినీళ్లు ఎందుకు వద్దు?

ప్రశ్న: మా తమ్ముడికి 22 ఏళ్లు, బరువు 52 కిలోలు. కడుపులో గడ్డ తీవ్రంగా పెరుగుతోందని బయాప్సీ చేస్తే బర్కిట్ లింఫోమా అన్నారు. వెంటనే కీమో ఇస్తారనుకుంటే, నిన్నటి నుంచి సెలైన్ మాత్రమే ఎక్కిస్తున్నారు. యూరిక్ యాసిడ్ 9.8, క్రియాటినిన్ 1.4 ఉన్నాయి. కీమో మొదలయ్యాక కిడ్నీలు, గుండె దెబ్బతినే ప్రమాదం ఉందని చెప్పి సంతకం తీసుకున్నారు. నీరసంగా ఉన్నాడని కొబ్బరినీళ్లు తెస్తే తాగించొద్దన్నారు. చాలా టెన్షన్‌గా ఉంది. వేరే ఆసుపత్రికి మార్చాలా?
- ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: మీరు రాసిన వివరాలను బట్టి చూస్తే అక్కడి డాక్టర్లు సరిగానే నడుస్తున్నారు. బర్కిట్ లింఫోమా ఎంత వేగంగా పెరుగుతుందో, మందు పడగానే అంత వేగంగా కరుగుతుంది. చిక్కు అక్కడే ఉంది. కోట్లాది క్యాన్సర్ కణాలు ఒక్కసారిగా పగిలితే వాటిలోని పొటాషియం, ఫాస్ఫేట్, యూరిక్ యాసిడ్‌గా మారే పదార్థాలు అన్నీ రక్తంలోకి వచ్చిపడతాయి. దీన్నే ట్యూమర్ లైసిస్ సిండ్రోమ్ అంటాం. కీమో మొదలైన మొదటి మూడు రోజుల్లోనే ఇది ఎక్కువగా కనిపిస్తుంది. కొందరిలో మందు ఇవ్వకముందే మొదలవుతుంది. మీ తమ్ముడి రిపోర్టులు అదే సూచిస్తున్నాయి.

యూరిక్ యాసిడ్ మితిమీరితే కిడ్నీలోని సన్నని నాళాల్లో స్ఫటికాలుగా పేరుకుని మూత్రాన్ని అడ్డుకుంటుంది. ఫాస్ఫేట్ కూడా కాల్షియంతో కలిసి అక్కడే గడ్డకడుతుంది. అప్పుడు పొటాషియం బయటికి పోయే దారి మూసుకుపోతుంది. పొటాషియం 6 దాటితే గుండె లయ తప్పే ప్రమాదం ఉంది. కిడ్నీ, గుండె అని విడివిడిగా చెప్పినా, రెండింటి ప్రమాదం ఒకే గొలుసులో వస్తుంది.

అందుకే మొదటి మందు సెలైనే. మీ తమ్ముడి శరీర పరిమాణానికి రోజుకు సుమారు నాలుగున్నర లీటర్ల దాకా ఎక్కించి, గంటకు 150 మిల్లీలీటర్ల వరకు మూత్రం వచ్చేలా చూస్తారు. ఆ సీసాల్లో పొటాషియం కలపరు. వెళ్లిన నీళ్లు బయటికి రాకపోతే ఊపిరితిత్తుల్లో చేరతాయి కాబట్టి రోజూ బరువు చూస్తారు. మూత్రం కొలిచే జగ్గు మీ చేతికిచ్చి ఉంటారు. ఒక్కసారి కూడా కొలవకుండా పారబోయకండి, రాత్రి రెండింటికైనా సరే.

అల్లోప్యూరినాల్ మాత్ర కొత్తగా యూరిక్ యాసిడ్ తయారు కాకుండా ఆపుతుంది, ఇప్పటికే ఉన్నదాన్ని మాత్రం తీసేయలేదు. 9.8 ఉన్నప్పుడు రాస్‌బురికేస్ ఇంజెక్షన్ అవసరమవుతుంది. అది యూరిక్ యాసిడ్‌ను మూత్రంలో తేలిగ్గా కరిగిపోయే పదార్థంగా మార్చేస్తుంది, గంటల్లోనే అంకె దిగుతుంది. ఖరీదైన మందు. జీ-సిక్స్-పీడీ అనే ఎంజైమ్ లోపం ఉన్నవాళ్లకు ఇస్తే ఎర్ర రక్తకణాలు పగిలిపోతాయి కాబట్టి ముందు ఆ పరీక్ష చేస్తారు. ఇంజెక్షన్ తర్వాత తీసిన రక్తాన్ని ఐస్‌లో పెట్టి పంపాలి. లేకపోతే మందు ట్యూబులో కూడా పనిచేస్తూనే ఉండి, యూరిక్ యాసిడ్ అసలుకంటే తక్కువగా చూపిస్తుంది.

ఈ ఏర్పాట్లు కుదిరాక కూడా చాలాచోట్ల పూర్తి డోసు ఒక్కసారి ఇవ్వరు. కొన్ని రోజులు స్టెరాయిడ్, తక్కువ మోతాదు కీమోతో గడ్డను మెల్లగా కరిగిస్తారు. (ఏ గడ్డో తేలకముందే బయట స్టెరాయిడ్ ఇంజెక్షన్ వేయించుకుని, ఆ తర్వాత మూత్రం ఆగిపోయి వచ్చేవాళ్లూ ఉంటారు. అలాంటిదేమైనా జరిగి ఉంటే మీ డాక్టర్‌కి తప్పక చెప్పండి.) మొదటి రోజుల్లో నాలుగు నుంచి ఆరు గంటలకోసారి రక్తం తీస్తారు. విసుక్కోవద్దు. పొటాషియం మధ్యాహ్నం 4.8 ఉండి సాయంత్రానికి 6.2 కావచ్చు. అలా పెరిగి ఈసీజీ మారితే గుండెను కాపాడటానికి కాల్షియం ఇంజెక్షన్, పొటాషియాన్ని కణాల్లోకి తోయడానికి గ్లూకోజ్‌తో ఇన్సులిన్ ఇస్తారు. ఇవి కాసేపు ఆదుకుంటాయంతే. మూత్రం రాకపోతే డయాలసిస్ చేయాల్సిందే. సకాలంలో చేస్తే చాలామందిలో కిడ్నీలు తిరిగి పనిలోకి వస్తాయి. డయాలసిస్ అనగానే జీవితాంతం అనుకోవద్దు.

కాల్షియం రిపోర్టులో తక్కువ కనబడినా, లక్షణాలు లేకుండా ఎక్కించరు. ఫాస్ఫేట్ ఎక్కువగా ఉన్నప్పుడు అది కిడ్నీలో గడ్డకట్టడానికే తోడవుతుంది.

ఇక కొబ్బరినీళ్లు. వాటిలో పొటాషియం బాగా ఎక్కువ. అరటిపండు, పండ్ల రసాలు కూడా ఈ వారం వద్దు. ఒళ్లు నొప్పులంటే డైక్లోఫెనాక్ లాంటి మాత్ర మీరే కొని ఇవ్వకండి, కిడ్నీపై మరో దెబ్బ పడుతుంది. పెదాల చుట్టూ, వేళ్లలో తిమ్మిరి, కండరాలు పట్టేయడం, గుండె దడ, ఆయాసం, మూత్రం తగ్గడం, ఏది కనిపించినా రౌండ్స్ దాకా ఆగకుండా నర్సుకు చెప్పండి.

ఆసుపత్రి మార్చాలా అనే ముందు రెండు విషయాలు కనుక్కోండి: అర్ధరాత్రి తీసిన రక్తానికి పొటాషియం రిపోర్టు గంటలోపు వస్తుందా, ఆ వేళలో డయాలసిస్ చేయగలరా. రెండూ ఉంటే అక్కడే ఉంచండి. డయాలసిస్ లేదంటే, కీమో మొదలుపెట్టకముందే, సెలైన్ ఆపకుండా, అది ఉన్నచోటికి పంపమని ఆ డాక్టర్‌నే అడగండి.