సందేహాలు – సమాధానాలు: చాట్‌లోని కోపం, లేఖలోని హెచ్చరిక

సందేహం: గురువుగారూ, నేను సూపర్‌వైజర్ని. మా విభాగంలో ఒకతను చెప్పాపెట్టకుండా పదేపదే మానేస్తున్నాడు. ఓ రోజు ఒళ్లు మండి చాట్‌లో ఇలా మెసేజ్‌లు పెట్టాను:

“ఏంటిది? ఇవాళ కూడా రాలేదా? ఫోనెత్తవా?”
“ఎప్పుడు చూసినా డుమ్మానే. ఎవరికి చెప్పి మానేశావ్?”
“నీ పని కూడా మిగతావాళ్లే చేసి చావాలా?”
“నీకు ఉద్యోగమంటే లెక్కే లేదు.”
“ఇంకోసారి ఇలా చేశావో... చూసుకో మరి.”

ఇప్పుడు దీన్నే హెచ్చరిక లేఖగా రాసివ్వమన్నారు. ‘నువ్వు’లన్నీ ‘మీరు’ చేశాను, చివర ‘గలరు’ పెట్టాను. చదివినవాళ్లు “తిట్టినట్టే ఉంది” అంటున్నారు. తప్పెక్కడుంది? ఇంకో మాట, ‘గైర్హాజరు’ అనాలా ‘గైర్హాజరీ’ అనాలా? చిత్తుప్రతి, హాజరు వివరాలు జతచేశాను.

సమాధానం: మీ చిత్తు చదివాను. “మీ పని కూడా మిగతావారే చేయాలా?” అని రాశారు. ‘మీరు’ వచ్చింది, కోపం చెక్కుచెదరలేదు. తెలుగులో కోపం సర్వనామంలో ఉండేది కొంతే. మిగతాదంతా ప్రశ్నలో, పదం చివరి చిన్న ప్రత్యయంలో, సగంలో ఆపేసిన వాక్యంలో ఉంటుంది. “మీరు మనిషేనా?” అంటే అది గౌరవమవుతుందా?

ముందుగా ప్రశ్నల సంగతి. “రాలేదా?” అని అడిగినప్పుడు మీకు జవాబు అక్కర్లేదు, రాలేదని మీకు తెలుసు. ఎదుటివాడు తలవంచుకోవాలని అడిగే ప్రశ్న అది. ఎదురెదురుగా ఉన్నప్పుడు దానికో ప్రయోజనం ఉండొచ్చు గానీ లేఖలో దానికి చోటు లేదు. హెచ్చరిక లేఖలో ప్రశ్నార్థకమే ఉండనక్కర్లేదు. నిజంగా జవాబు కావలసినచోట “తెలియజేయాలి” అంటే సరిపోతుంది.

ఇక ‘కూడా’, ‘డుమ్మానే’లోని ‘-ఏ’, ‘ఎప్పుడు చూసినా’ అనేవి. వీటిని నేను వట్టి తిట్లుగా కొట్టిపారేయను. మీ కోపంలో ఉన్న సమాచారమంతా వీటిలోనే మూటగట్టి ఉంది. “ఇవాళ కూడా” అన్నారంటే ఇంతకుముందు మానేసిన రోజులన్నీ మీ మనసులో ఉన్నాయన్నమాట. లేఖ రాసేవారు చేయాల్సింది ఆ ‘కూడా’ను విప్పి తేదీలుగా పరచడమే. మీరు పంపిన వివరాల ప్రకారం ఆయన రానివి మార్చి 4, 11, 19, 20, 27 తేదీలు. చిత్తులో “నాలుగుసార్లు” అని ఊరుకున్నారు. 19, 20 వరసగా వచ్చినవి కాబట్టి మీరు ఒకటిగా లెక్కపెట్టుకున్నారు, తప్పు లేదు. కానీ చదివేవారు నాలుగు రోజులనుకుంటారు, హాజరుపట్టీలో ఐదు కనిపిస్తాయి. అంకె దగ్గర తేడా వస్తే మిగతా లేఖ మీదా నమ్మకం సడలుతుంది. అందుకని “నాలుగు పర్యాయాలు, మొత్తం ఐదు రోజులు” అని రాయండి. తేదీలు పక్కన ఉన్నాక ‘ఎప్పుడూ’, ‘పదేపదే’, ‘తరచూ’ అనే మాటలతో పనే ఉండదు. క్రియ కూడా ‘మానేస్తున్నారు’ అని అలవాటును చెప్పేలా ఉండకూడదు. ‘హాజరు కాలేదు’ అని జరిగిపోయినదాన్ని చెప్పాలి.

అన్నిటికన్నా నన్ను ఎక్కువసేపు ఆపింది మీ చిత్తులోని మొదటి వాక్యం. “కారణం లేకుండా విధులకు రాలేదు” అని రాశారు. మీకు తెలిసింది ఆయన కారణం చెప్పలేదన్నది మాత్రమే. లేదన్నది మీకెలా తెలుసు? ‘కారణం లేకుండా’ అంటే తీర్పు, ‘కారణం తెలపకుండా’ అంటే జరిగిన విషయం. ఒక కార్యాలయంలో ఇలాంటి లేఖకు ఉద్యోగి ఇచ్చిన జవాబు నేను చూశాను. ఇంట్లో పెద్దవారి అనారోగ్యం, ఆసుపత్రి కాగితాలు అన్నీ జతచేసి, “కారణం ఉంది, నన్నెవరూ అడగలేదు” అని రాశారు. సమాచారం ఇవ్వకపోవడం ఆయన తప్పే. కానీ లేఖ ఆ తప్పును పట్టుకోకుండా, లేని తప్పును అంటగట్టింది. చివరికి సంస్థే లేఖను వెనక్కి తీసుకోవలసి వచ్చింది. ‘తెలపకుండా’ అని ఉంటే, ఎన్ని కాగితాలు తెచ్చినా ఆ వాక్యం నిజంగానే నిలబడేది.

ఈ పక్కనే ఉన్న ఇంకో రెండు మాటలనూ వేరుచేసి చూడండి. ‘సమాచారం ఇవ్వకుండా’ అంటే రావడం లేదని ముందు చెప్పలేదని. ‘అనుమతి లేకుండా’ అంటే సెలవు మంజూరు కాలేదని. సెలవు అడిగి, మీరు కాదన్నా మానేసినవారు సమాచారం ఇచ్చినట్టే, అనుమతి లేనట్టే. ఈయన అసలు అడగనే లేదు కనుక మీ లేఖకు తగినది ‘సమాచారం ఇవ్వకుండా’. ‘ఉద్దేశపూర్వకంగా’ అని కూడా రాశారు. అది ఆయన మనసులోని సంగతి కాబట్టి తీసేయండి. “నీకు ఉద్యోగమంటే లెక్కే లేదు”ను మీరు “మీకు ఉద్యోగం పట్ల గౌరవం లేదు” అని మార్చారు. ఆ మెసేజ్‌ను ఎంత విప్పినా రుజువు చేయగల విషయం ఒక్కటీ రాదు. లేఖలోకి రాకూడనిది అదొక్కటే.

“ఫోనెత్తవా?” అన్నదీ ఇలాంటిదే. ‘ఎత్తలేదు’ అంటే చూసి కూడా కావాలని వదిలేశారన్న ధ్వని వస్తుంది. మీ ఫోన్‌లో కనిపించేది మీరు ఆయనకు 11న, 27న కాల్ చేశారన్నదే. “ఫోన్ చేసినా మీ నుంచి సమాధానం రాలేదు” అంటే చాలు.

“చేసి చావాలా?”లోని ‘చావు’కి చావుతో సంబంధం లేదు. క్రియ పక్కన చేరి విసుగును తెలిపే సహాయక క్రియ అది. “చెప్పి ఏడు”లోని ‘ఏడు’ కూడా అంతే. దాన్ని తీసేస్తే మిగిలేది మీ లేఖకు బాగా పనికొచ్చే విషయం: ఆయన పని వేరేవాళ్ల మీద పడింది. ఎంత పని, ఏ రోజు, ఎంత ఆలస్యమైంది అన్నది చెప్పండి. ‘తీవ్ర అంతరాయం’ అన్నదాని కన్నా ‘రెండు రోజుల ఆలస్యం’ అన్నది గట్టిగా తగులుతుంది.

చివరి మెసేజ్ నాకు చాలా ఆసక్తిగా అనిపించింది. “చేశావో...” అని ‘-ఓ’ పెట్టి వాక్యాన్ని వదిలేయడం తెలుగువాళ్ల బెదిరింపు పద్ధతి. ఏం చేస్తామో చెప్పకపోవడంలోనే దాని బలమంతా ఉంది. లేఖలో ఆ ఖాళీని పూరించాలి. మీరు “లేనిచో తీవ్ర పరిణామాలుంటాయి” అన్నారు. ఖాళీ ఖాళీగానే ఉంది, పైగా ‘లేనిచో’ అన్న పాతకాలపు మాట పక్కన ‘ఉంటాయి’ అతకలేదు. ‘చర్య తీసుకోబడును’ అనీ వద్దు, ఎవరు తీసుకుంటారో అందులో కనబడదు. మీ చేతిలో ఉన్నది పైవారికి సిఫారసు చేయడమే అయితే అదే రాయండి. ‘తీసుకోవచ్చు’ అంటే అవకాశం, ‘తీసుకుంటుంది’ అంటే నిశ్చయం. మీ నిబంధనలు ఎంతవరకు ఒప్పుకుంటాయో చూసుకుని క్రియను ఎంచుకోవాలి.

ఇక ‘గలరు’. “ఆయన ఈదగలరు” అన్నప్పుడు అది సామర్థ్యం. ఆహ్వానాల్లో “విచ్చేయగలరు” అన్నప్పుడు మర్యాదైన కోరిక. రెండింటిలో ఏదీ ఆదేశం కాదు. “ఇకపై సక్రమంగా హాజరు కాగలరు” అని మీరు రాసింది చదివితే, ఇకమీదట వస్తారని మీరే ఆయన తరఫున భరోసా ఇస్తున్నట్టుంది. వ్యతిరేకంలోకి మార్చి చూస్తే తేడా ఇట్టే తెలుస్తుంది. ‘కాగలరు’కు వ్యతిరేకం ‘కాలేరు’, మీరు చెప్పదలచుకున్న ‘కావాలి’కి వ్యతిరేకం ‘కాకూడదు’. ఆదేశానికి ‘హాజరు కావాలి’, ‘తెలియజేయాలి’ చాలు. ‘మీరు’తో కలిసి వచ్చినప్పుడు అందులో అమర్యాద ఏమీ లేదు.

గడువు చెప్పేటప్పుడు “మూడు రోజుల్లో” అనకండి. లేఖ రాసిన రోజు నుంచా, అందిన రోజు నుంచా అన్న పేచీ వస్తుంది. తేదీ, వేళ రెండూ వేయండి. అడిగేది ‘సంజాయిషీ’ అనడం కన్నా ‘వివరణ’ అనడం నాకిష్టం. సంజాయిషీ అన్నప్పుడు తప్పు ఖాయమైపోయిందన్న ధ్వని తెలుగులో స్థిరపడింది. మీరింకా ఆయన మాట వినలేదు కదా.

ఇవన్నీ చూసుకుని మీ మెసేజ్‌లను లేఖగా మలిస్తే ఇలా వచ్చింది:

శ్రీ ............ గారికి,

విషయం: సమాచారం ఇవ్వకుండా విధులకు హాజరు కాకపోవడం – హెచ్చరిక.

మార్చి నెలలో మీరు నాలుగు పర్యాయాలు, మొత్తం ఐదు రోజులు (4, 11, 19, 20, 27 తేదీలు) విధులకు హాజరు కాలేదు. ఈ రోజులకు మీ నుంచి సెలవు దరఖాస్తు గాని, ముందస్తు సమాచారం గాని అందలేదు. 11, 27 తేదీల్లో నేను ఫోన్ చేసినా మీ నుంచి సమాధానం రాలేదు. తిరిగి విధుల్లో చేరిన తర్వాత మీరు కారణం తెలపలేదు.

ఆ రోజుల్లో మీ పనిని ఇతర సిబ్బందికి అప్పగించవలసి వచ్చింది. 27వ తేదీన పూర్తి కావలసిన పని రెండు రోజులు ఆలస్యమైంది.

దీనిపై మీ వివరణను ఏప్రిల్ 5వ తేదీ సాయంత్రం 5 గంటల లోగా రాతపూర్వకంగా నాకు అందజేయాలి. ఇకపై పనికి రాలేని పరిస్థితి వస్తే, ఆ రోజు పనివేళ మొదలయ్యేలోపు ఫోన్ లేదా మెసేజ్ ద్వారా నాకు తెలియజేయాలి. మళ్లీ సమాచారం ఇవ్వకుండా విధులకు రాకపోతే, సంస్థ నిబంధనల ప్రకారం క్రమశిక్షణ చర్య తీసుకోవలసిందిగా పై అధికారులకు సిఫారసు చేస్తాను.

మీ ఐదు మెసేజ్‌లలో నాలుగింటి సారం ఇందులో ఉంది. మీ అసలు బాధ, అంటే ముందు ఒక్క మాట చెప్పి ఉంటే సర్దుకునేవాళ్లం కదా అన్నది, మెసేజ్‌లలో ఎక్కడా సూటిగా లేదు. లేఖలో మాత్రం దానికి ఒక వాక్యం దొరికింది. ఆయన రేపటి నుంచి ఏం చేయాలో చెప్పేదీ అదే వాక్యం.

మీ రెండో ప్రశ్న. ‘గైర్’ అంటే కానిది, ‘హాజరు’ అంటే ఎదుట ఉన్నది. రెండూ అరబ్బీ నుంచి వచ్చిన మాటలు. ‘హాజరీ’ నామవాచకం కాబట్టి ‘గైర్హాజరీ వల్ల’ అనడం సబబే. అయితే తెలుగులో ‘హాజరు’నే నామంగానూ వాడేసుకున్నాం. ‘హాజరు వేశారు’ అంటాం కదా, అలాగే ‘గైర్హాజరుకు కారణం’ అన్నదీ ఒప్పే. ‘గైర్హాజరయ్యారు’ కూడా తప్పు కాదు. నేను ‘హాజరు కాలేదు’ అని రాయడానికి కారణం వేరు. ‘గైర్హాజరు’లో లేదన్న అర్థం ముందే ఉంది. దానికి ఇంకో ‘కాకుండా’ తగిలించి “ఇకపై గైర్హాజరు కాకుండా ఉండని పక్షంలో” అని రాసిన లేఖలు నేను చూశాను. అలా రాస్తే, ఆయన రావాలో రాకూడదో తెలుసుకోవడానికి ఆ వాక్యాన్ని రెండుసార్లు చదవాలి.