యతి కోసం అమ్మని ‘ఇంతి’ అనకు: ఒక యువ రచయితకు లేఖ

పర్లాకిమిడి

తమ్ముడూ,

రాయగడ నుంచి నువ్వు పంపిన పద్యాలు రెండుసార్లు చదివాను. గణాలు తప్పలేదు, యతి తప్పలేదు. అయినా మొదటి పద్యం ఎవరి గొంతులోనూ పలకడం లేదు. మహేంద్రతనయ ఎండిపోయిన రోజుల్లో అమ్మ ఇసుకలో చెలమ తవ్వి నీళ్లు తేవడం నీ విషయం. నువ్వు చూసింది రాశావు, కానీ రాసిన మాటలు నువ్వు విన్నవి కావు. దీన్నే కాస్త వివరంగా చెబుతాను. నీ తేటగీతి ఇది:

ఎండి యున్నట్టి యేటిని నింతి త్రవ్వి
చెలమ యందున నీరంబు చెలగి ముంచె
బిందె దాల్చెను శిరమున వేడ్క మీఱ
ఆర లేదిల దారియు నమ్మ నడువ

ముందు దీన్ని పద్యమని మరిచిపోయి, పక్కింటివాళ్లకి చెప్పినట్టు మామూలు వాక్యంలో రాయి: “అమ్మ ఎండిన ఏట్లో చెలమ తవ్వి, నీళ్లు ముంచి, బిందె నెత్తికెత్తుకుంది. ఆమె నడిచిన దారి ఇంకా ఆరలేదు.” ఇప్పుడు పెన్సిల్ తీసుకుని, ఈ వాక్యంలో లేకుండా పద్యంలో ఉన్న ప్రతి మాట కిందా గీత గియ్యి. ఇంతి, చెలగి, వేడ్క మీఱ, ఇల, ‘దారియు’లోని ‘యు’. ఇవి అర్థం కోసం వచ్చినవి కావు, ఖాళీ పూడ్చడానికి వచ్చినవి. మనవాళ్లు వ్యర్థపదాలు అనేది వీటినే. ‘యున్నట్టి’, ‘యందున’, ‘నీరంబు’, ‘దాల్చెను’, ‘శిరమున’ రెండో రకం. వాటికి అర్థం ఉంది, కానీ మీ ఇంట్లో ఎవరూ వాటిని పలకరు.

ఇప్పుడు గీతలు ఎక్కడ పడ్డాయో చూడు. తేటగీతి పాదమంటే ఒక సూర్యగణం, రెండు ఇంద్రగణాలు, మళ్లీ రెండు సూర్యగణాలు. నాలుగో గణం మొదటి అక్షరం యతిస్థానం. ‘ఇంతి’, ‘చెలగి’, ‘వేడ్క’ మూడూ సరిగ్గా అక్కడే కూర్చున్నాయి. ఇది నీ ఒక్కడి పొరపాటు కాదు. కొత్తగా పద్యం రాసేవాళ్ల చిత్తుప్రతి ఏది తీసినా సగానికి పైగా దండగ మాటలు యతి దగ్గరే దొరుకుతాయి. మొదటి మూడు గణాలూ చెప్పదలుచుకున్నదాంతో నిండుతాయి. నాలుగో గణం దగ్గర ఫలానా అక్షరమే కావాలి. చేతిలో ఆ అక్షరంతో ఏమీ ఉండదు. అప్పుడు శతకాల్లో చదివిన ‘చెలగి’, ‘వేడ్క’, ‘ఒప్పుగ’, ‘అరయ’ లాంటివి వచ్చి కూర్చుంటాయి. ఊరికే కూర్చోవు, అర్థం కూడా చెడగొడతాయి. నడినెత్తిన ఎండలో నీళ్లు మోసుకొచ్చే మనిషికి ‘వేడ్క మీఱ’ అన్నావు. అంటే సంబరం పొంగిపొర్లుతోందని. కన్నతల్లిని ‘ఇంతి’ అన్నావు. కాస్త ఆగి చదివితే నీకే నవ్వొస్తుంది.

చాలామంది ‘చెలగి’ తీసేసి దాని బదులు ఇంకో పాత మాట వెతుకుతారు. అక్కడే దెబ్బ తింటారు. నువ్వు నిఘంటువు తెరవొద్దు, ఆ ఏటి దగ్గరికి వెళ్లు. రెండో పాదం ‘చె’తో మొదలైంది కాబట్టి యతికి చ, జ, శ, స వర్గంలో ఇ గానీ ఎ గానీ ఉన్న అక్షరం కావాలి. చి, చే, జి, సె, ఏదైనా పనికొస్తుంది. ఆ చెలమ పక్కన అలాంటి అక్షరంతో మొదలయ్యే వస్తువేముంది? చెంబు ఉంది. మొదటి పాదంలో ‘ఎ’కి ‘ఇ’ మిత్రం. అక్కడ ఇసుక ఉంది, దాన్ని వదిలేసి ‘ఇంతి’ని తెచ్చావు. మూడో పాదంలో ‘బి’కి ప, బ, వ లలో ఇ, ఎ ఉన్నవి సరిపోతాయి. బిందెని ఏం చేసింది? నెత్తిమీద పెట్టుకుంది. ‘పె’ అక్కడే ఉంది.

సరిచేసిన పద్యం ఇలా వస్తుంది:

ఎండ కాల్చిన ఏటిలో ఇసుక తవ్వి
చెలమలో నీరు తేరాక చెంబు ముంచి
బిందె నిండాక నెత్తిపై పెట్టుకుంది
అమ్మ నడిచిన దారంత ఆరలేదు

గణాలు విడదీసి చూసుకో: ఎండ, కాల్చిన, ఏటిలో, ఇసుక, తవ్వి. చెలమ, లోనీరు, తేరాక, చెంబు, ముంచి. మిగతా రెండు పాదాలు నువ్వే విడదియ్యి.

ఇందులోనూ రాజీలు ఉన్నాయి, దాచను. జనం ‘నెత్తిమీద’ అంటారు. అది గురువు లఘువు, గురువు లఘువు కాబట్టి అక్కడ ఇమడలేదు, ‘నెత్తిపై’ పెట్టాల్సొచ్చింది. పేపర్లలో రోజూ కనిపించే ‘పై’ కాబట్టి ఒప్పుకోవచ్చు. ‘దారంతా’ని ‘దారంత’గా కుదించాను. ఇక ‘ఏటిలో ఇసుక’, ‘దారంత ఆరలేదు’ అన్నచోట్ల సంధి చెయ్యలేదని అవధానాలకి వెళ్లే పెద్దలు తప్పక పట్టుకుంటారు. వాళ్ల సభలో చదివేటప్పుడు మొదటిది ‘ఏటిలో నిసుక’ అని చదువు. ఇసుకలోని ఇకారమే యతికి లెక్క కాబట్టి యతి చెడదు. రెండోదాన్ని ‘దారంత యారలేదు’ అంటే నియమం నిలబడుతుంది గానీ చెవికి ఎబ్బెట్టుగా ఉంటుంది. నేనైతే ఆ మాట పడి ఊరుకుంటాను.

పాదం చివర నువ్వు ‘ముంచె’ లాంటి క్రియలు ఎందుకు పట్టుకున్నావో కూడా చూద్దాం. అది నీకు గ్రంథాల మీద మోజు కాదు, లెక్క తెచ్చిన ఇబ్బంది. సూర్యగణమంటే మూడు లఘువులు, లేదా గురువు తర్వాత లఘువు. ఏదైనా చివర లఘువే. అందుకని తేటగీతి పాదం చివరి రెండు గణాల్లో రెండు గురువులు పక్కపక్కన ఎప్పటికీ రాలేవు. మనం రోజూ అనే ‘వచ్చింది’, ‘ముంచింది’, ‘మోసింది’ చూడు. మొదట రెండు గురువులు, తర్వాత లఘువు. పాదం చివర వాటికి చోటే లేదు. అక్కడ ఇరుక్కున్నవాడు ‘వచ్చె’, ‘ముంచె’ అని తోక కోసేస్తాడు. దీనికి రెండు దారులున్నాయి. ‘వచ్చింది’ని రెండో గణంలోకో మూడో గణంలోకో జరపడం ఒకటి, ఎందుకంటే అది నిక్షేపమైన ఇంద్రగణం. ‘తేరాక’, ‘నిండాక’ కూడా అంతే. చివరికి పెట్టుకుంది, నవ్వుతుంది, ఆరలేదు, పోయినాడు లాంటివి ఉంచడం రెండోది. ఇవి గురులఘువులు మారుమారుగా నడుస్తాయి కాబట్టి రెండు సూర్యగణాల్లో అచ్చంగా కూర్చుంటాయి. ఇలాంటి క్రియలు ఒక పేజీ నిండా రాసిపెట్టుకో, ‘చెలగి’ జోలికి పోనక్కర్లేదు.

రెండూ కుదరకపోతే ఛందస్సు మార్చు. నీ రెండో పద్యం ఆటవెలదిలోనే ఉంది గానీ, దాని సౌకర్యం నువ్వు వాడుకోలేదు. ఆటవెలది మొదటి, మూడో పాదాలు రెండు ఇంద్రగణాలతో ముగుస్తాయి. అంటే ‘వచ్చింది’ అక్కడ హాయిగా చివర కూర్చుంటుంది. నువ్వు రాసింది:

సంత నుండి తల్లి సదనంబు చేరెను
గంప నిండ నాకు కలవు కూర

‘సదనంబు’ ఎందుకొచ్చిందో ఇక నేను చెప్పక్కర్లేదు. అసలు గాయం రెండో పాదంలో ఉంది. ‘ఆకుకూర’ ఒక్క మాట. దాన్ని నరికి మధ్యలో ‘కలవు’ దూర్చావు. పైగా ‘నిండన్’ చివరి నకారం ‘ఆకు’కి అంటుకుని ‘నాకు’ అయింది. వినేవాడికి ‘గంప నిండా నాకు కూర ఉంది’ అని వినిపిస్తుంది. మొదటి పద్యం చివరి పాదంలోనూ ఇదే జరిగింది. ‘నమ్మ నడువ’ అన్నది ‘నమ్మకంతో నడవడం’ లాగా చెవిన పడుతుంది. సంధి చేసిన ప్రతిచోటా కళ్లు మూసుకుని ఒకసారి పైకి చదువు. కాగితం మీద కనపడని ఈ రకం తప్పులు చెవికి వెంటనే దొరుకుతాయి.

దాన్నే ఇలా అనొచ్చు:

సంత ముగిసినాక చల్లగా వచ్చింది
అమ్మ, గంప నిండ ఆకుకూర

ఇందులోనూ క్రియ ముందుకి, కర్త వెనక్కి వెళ్లాయి. మరి ఇది తప్పు కాదా అంటావేమో. కాదు. ఆలస్యంగా వచ్చినవాణ్ణి చూసి “వచ్చాడండీ పెద్దమనిషి” అంటాం. “తిన్నావా అన్నం?” అని అడుగుతాం. క్రియని ముందుకి లాగడం తెలుగు మాట్లాడేవాళ్లకి సహజం, దానికో విరుపు ఉంటుంది. అమ్ముడుపోని గంపతో వచ్చిన మనిషి కాస్త ఆలస్యంగా వాక్యంలోకి అడుగుపెడితే మేలే. చెయ్యకూడనివి వేరు. విశేషణాన్ని దాని నామం నుంచి దూరంగా విసరడం, ‘నడిచిన’కీ ‘దారి’కీ మధ్య ఇంకెవరినో నిలబెట్టడం, సమాసాన్ని నరకడం. దూరాన్వయం అని పూర్వులు దోషాల్లో లెక్కేసింది దీన్నే. ఒక పరీక్ష పెట్టుకో: ఆ వరసలో ఆ మాటల్ని ఏ కోపంలోనో, వెటకారంలోనో, ముద్దులోనో ఎవరైనా అనగలరా? అనగలిగితే ఉంచు.

ప్రాస గురించి ఎక్కువ చెప్పను, నువ్వు కందం జోలికి ఇంకా పోలేదు. పోయినప్పుడు ప్రాసాక్షరాన్ని మొదటి పాదం రాసేశాక కాకుండా ముందే ఎంచుకో. ‘ల్ల’ తీసుకుంటే పిల్ల, ఇల్లు, పల్లె, మల్లె, చల్ల, అన్నీ బతికున్న మాటలే. ‘ద్ధ’ తీసుకుంటే రెండో పాదానికే సంస్కృతం అప్పు తేవాలి. గేయాల్లో అంత్యప్రాస కోసం ‘మెరిసెనులే, విరిసెనులే’ అంటున్నావు. ‘లే’ కొట్టేసి చదివి చూడు. ప్రాస పోయిందనిపిస్తే అక్కడ అసలు ప్రాస లేదు, ‘లే’ ఒక్కటే ఉంది.

ఒక హెచ్చరిక. పాత మాట వేరు, ఊరి మాట వేరు. మన ఒడిశా వైపు ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా అయిన పిల్లలకి పుస్తకంలో కనపడని మాటంటే జంకు. ‘గెడ్డ’, ‘ఒగ్గేసి’, ‘గుంట’, ‘కూకుంది’ నిఘంటువు భాషలో లేవని తీసేసి వాటి స్థానంలో ‘సెలయేఱు’, ‘విడిచి’, ‘బాలిక’ పెట్టకు. ‘ఒగ్గేసి’ ఎంత చక్కటి ఇంద్రగణమో చూడు. ‘కూకుంది’ కూడా. గిడుగు రామమూర్తి పంతులుగారు ఈ పర్లాకిమిడిలోనే పాఠాలు చెబుతూ వాడుకభాష కోసం పోరాడారు. 1936 ఏప్రిల్ 1న ఈ ఊరు ఒడిశాలో కలిసింది గానీ వీధిలో తెలుగు ఆగలేదు. ఆయన పట్టు ముఖ్యంగా వచనం మీద, చదువుల్లో వాడే భాష మీద. పద్యం దగ్గర ఎంత వదులుకోవాలో, ఎంత ఉంచుకోవాలో రాసేవాడు పాదం పాదానికీ తేల్చుకోవాల్సిందే. పాండవుల చేత మాట్లాడించేటప్పుడు ‘శిరమున’ అను, ఎవరూ కాదనరు. సంతనుంచి వచ్చే అమ్మకి అది నప్పదు.

మూడో పద్యంలో ‘ఘన నభంబున’ దగ్గర ఆగాను. ఆ పాదం ‘గ’తో మొదలైంది. యతికి క, గ లలో అకారమో ఆకారమో ఉన్న మాట కావాలి. ఆ సాయంత్రం ఆకాశంలో ఏముందో నువ్వు రాయలేదు. కాకులా, గద్దా, గాలిపటమా? అది చూసి, ఆ పాదం ఒక్కటీ మార్చి పంపు.

మీ అన్నయ్య