చేతి గీతలో -90, స్క్రీన్ మీద -270: బోడ్ ప్లాట్‌లో తప్పెక్కడ?

ప్రశ్న: G(s) = (10 - s)/(s + 1)^2 కి చేత్తో బోడ్ ప్లాట్ గీశాను. మాగ్నిట్యూడ్ సాఫ్ట్‌వేర్‌తో దాదాపు కలిసింది, కాకపోతే 1 దగ్గర 6 డీబీ తేడా వచ్చింది. ఫేజ్ మాత్రం నాకు -135 దాకా దిగి, జీరో వల్ల మళ్లీ -90కి వచ్చింది. స్క్రీన్ మీద -270 చూపిస్తోంది. ఎవరిది తప్పు?

జవాబు: మాగ్నిట్యూడ్‌లో మీ తప్పేమీ లేదు. ఫేజ్‌లో మాత్రం స్క్రీనే కరెక్ట్.

ముందు పైన ఉన్నదాన్ని 10(1 - s/10) అని రాసుకోండి, అప్పుడు డీసీ గెయిన్ 10, అంటే 20 డీబీ అని వెంటనే కనిపిస్తుంది. గీత 1 రేడియన్/సెకను దాకా 20 దగ్గర అడ్డంగా పోతుంది. అక్కడ రెండు పోల్స్ ఒకేచోట ఉన్నాయి కాబట్టి ఒక్కసారిగా డెకేడ్‌కి 40 డీబీ చొప్పున దిగి, 10 దగ్గరికి వచ్చేసరికి -20 డీబీకి చేరుతుంది. అక్కడ జీరో అందుకుని స్లోప్‌ని డెకేడ్‌కి -20కి తగ్గిస్తుంది. మీరు చూసిన 6 డీబీ తేడా సరళరేఖలతో గీయడం వల్ల వచ్చిందే. ఒక్క పోల్ ఉంటే కార్నర్ దగ్గర అసలు వక్రం 3 డీబీ కిందుంటుంది, రెండు పోల్స్ కాబట్టి అది 6 అయింది. 1 దగ్గర అసలు విలువ సుమారు 14 డీబీ, అక్కడ ఒక చుక్క పెట్టి వక్రాన్ని దాని గుండా పోనిస్తే చాలు.

ఇక ఫేజ్. s బదులు jω పెట్టి 10 - jω ని కాగితం మీద బాణంలా గీయండి. ω సున్నా అయితే అది నేరుగా కుడివైపు చూస్తుంది, ω పెరిగేకొద్దీ కొన కిందికి జారుతుంది, ω = 10 దగ్గర కోణం -45, చాలా పెద్ద ω దగ్గర -90. అదే 10 + jω అయితే కొన పైకి లేచేది. రెండు బాణాల పొడవు మాత్రం ఎప్పుడూ ఒకటే, అందుకే మాగ్నిట్యూడ్ ప్లాట్ చూసి ఈ జీరో కుడివైపుదో ఎడమవైపుదో ఎవరూ చెప్పలేరు. మీరు అలవాటుగా జీరో అనగానే +90 కలిపేశారు, దాదాపు అందరూ జారేది ఇక్కడే.

గీత ఇలా వేయండి. జంట పోల్స్ ఫేజ్ 0.1 నుంచి 10 దాకా డెకేడ్‌కి 90 డిగ్రీల చొప్పున దిగుతుంది. జీరో ఫేజ్ 1 నుంచి 100 దాకా డెకేడ్‌కి 45 చొప్పున, ఇదీ కిందికే. కలిపితే 1 దగ్గర -90, అక్కణ్నుంచి 10 దాకా రెండూ ఒకేసారి లాగుతాయి కాబట్టి డెకేడ్‌కి 135 చొప్పున పడిపోయి -225, ఆ తర్వాత మెల్లగా 100 దగ్గర -270. 10 దగ్గర అసలు విలువ సుమారు -214, అంటే గీతకీ నిజానికీ 11 డిగ్రీల తేడా, గీతలు మలుపు తిరిగే చోట్ల ఇంత తేడా మామూలే.

ఈ గుర్తు తప్పు మార్కులతో పోయేది కాదు, ఇదే ప్లాంట్ చుట్టూ ఫీడ్‌బ్యాక్ లూప్ వేస్తే తెలుస్తుంది. మాగ్నిట్యూడ్ గీత 3.16 దగ్గర 0 డీబీని దాటుతుంది. మీ లెక్కలో అక్కడ ఫేజ్ మార్జిన్ 50 డిగ్రీల పైనే వస్తుంది, హాయిగా ఉందనిపిస్తుంది. అసలు లెక్కలో అదే ఫ్రీక్వెన్సీ దగ్గర ఫేజ్ -162 దాటిపోయింది, మిగిలేది 18 డిగ్రీల లోపే. గీత ఫేజ్ -180ని దాటేది సుమారు 4.6 దగ్గర, అసలు వక్రం దాటేది 4.58 దగ్గర. అంత మోటు గీతకి ఇది చాలా మంచి ఫలితం. అక్కడ గెయిన్ కచ్చితంగా సగం, కాబట్టి గెయిన్ మార్జిన్ 6 డీబీ. నమ్మకం కుదరకపోతే లూప్‌లో గెయిన్ K పెడితే వచ్చే క్లోజ్డ్ లూప్ సమీకరణం s^2 + (2 - K)s + 1 + 10K = 0 చూడండి: K రెండు దాటితే మధ్య పదం నెగటివ్ అయి లూప్ అస్థిరమవుతుంది. మీ గీతను నమ్మితే K ఎంత పెంచినా ఫర్వాలేదనిపించేది.

స్క్రీన్ మీద సరిచూసుకోవడానికి మాట్‌ల్యాబ్‌లో ఇది చాలు, ఆక్టేవ్ అయితే ముందు `pkg load control` ఇవ్వండి:

```
s = tf('s');
G = (10 - s)/(s + 1)^2;
margin(G)
figure; step(G)
```

స్టెప్ గ్రాఫ్ చూస్తే గుర్తు సంగతి ఇంకా తేటగా తెలుస్తుంది. అవుట్‌పుట్ చివరికి 10కి చేరాల్సినదే అయినా మొదట కాస్త సున్నా కిందికి దిగి అప్పుడు పైకి లేస్తుంది. కుడివైపు జీరో చేసే పని అదే.

ఒకటి గమనించండి. ఎక్కడైనా (s - 10) అని టైప్ చేస్తే డీసీ గెయిన్ -10 అవుతుంది, ఫేజ్ మొదలయ్యేదే 180 దగ్గర. ఇంకోసారి మొత్తం ప్లాట్ 360 పైకి జరిగి, 360 దగ్గర మొదలై 90 దగ్గర ఆగినట్టు కనిపించొచ్చు, అది తప్పు కాదు, అదే కోణం. రెండిట్లోనూ మొదటికీ చివరికీ మధ్య దిగుడు 270 ఉందా అని చూసుకోండి. 90 మాత్రమే ఉంటే జీరో గుర్తు తారుమారైనట్టే.