గుడి ఒకచోట, పలుకు మరోచోట

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

డిస్లెక్సియా ఉన్న మీ మూడో తరగతి పిల్లవాడు ‘శక్తి’ని ‘శకిత’ అని చదువుతున్నాడని, పదిసార్లు రాయించినా మార్పు లేదని రాశావు. వాడు కంటికి కనిపించినదాన్ని కనిపించినట్టే చదువుతున్నాడు. మన లిపిలో గుడి ‘క’ మీద కూర్చుంటుంది గాని, దాని పలుకు కింద ఉన్న త ఒత్తు తరువాత వస్తుంది. చాలామంది పిల్లలు ఈ మెలికను ఎవరూ చెప్పకుండానే పట్టుకుంటారు. డిస్లెక్సియా ఉన్న పిల్లలకు పలుకును గుర్తుతో ముడివేయడమే కష్టం కనుక, దాన్ని విప్పి చూపాలి. ఊరికే చూసి రాయడం వల్ల ఏ గుర్తు ఏ పలుకుదో వాడికి తెలియదు.

నువ్వు చెప్పే ఒత్తుల పాఠాన్ని ఇరవై నిమిషాలకు కుదించి, ఒక్క త ఒత్తుకే పరిమితం చెయ్యి. పుస్తకం తెరవకముందు ‘శక్తి’ని నోటితో విడదీయించు: శ, క్, త్, ఇ. ఒక్కో పలుకుకు ఒక్కో గింజను ముందుకు జరపమను. తరువాత శ, క, త ఒత్తు, గుడి విడివిడిగా రాసిన నాలుగు అట్టముక్కలు ఇచ్చి, పలుకుతూ పేర్చమను. ‘ఇ’ అన్నప్పుడే గుడిని పైన పెట్టాలి. ఆ మీదట ఇసుక పళ్లెంలో రెండు వేళ్లతో అదే వరుసలో, పలుకుతూ రాయించు. చేతిరాతలో మనం మామూలుగా ‘కి’ రాసి ఒత్తు ఇస్తాం. అయినా ఈ కొద్ది రోజులు గుడిని చివరకే ఉంచు. నోరు మూసుకుని ఇసుకలో రాస్తే అది బొమ్మ గీయడమే అవుతుంది.

పాఠం కాగితాన్ని 18 పాయింట్ల అక్షరాలతో, వరుసల మధ్య రెట్టింపు ఎడంతో అచ్చు వెయ్యి. ఎడం తక్కువైతే పై వరుస ఒత్తులు కింది వరుస గుడులకు తగులుతాయి. వాలు అక్షరాలు, కింది గీతలు వద్దు. వరుసలను ఎడమవైపు మాత్రమే సరిచేసి, కుడి అంచును వదిలెయ్యి. రెండంచులూ సమం చేస్తే మాటల మధ్య ఖాళీలు ఎగుడుదిగుడు అవుతాయి. రంగు ప్లాస్టిక్ కాగితాలు, ప్రత్యేక ఫాంట్లు కొనమని ఎవరైనా చెబితే తొందరపడకు, వాటి వల్ల చదువు మెరుగవుతుందనడానికి గట్టి ఆధారాలు లేవు. కాగితం ఎంత బాగున్నా కన్ను తడబడకుండా చూస్తుందే గాని, చదవడం నేర్పదు.

శక్తి, భక్తి, యుక్తి తప్పు లేకుండా చదివాడని అక్కడితో ఆగిపోకు, మాట ఆకారాన్ని కంఠస్థం చేసి ఉండవచ్చు. అర్థం లేని ‘లుక్తి’, ‘దక్తి’ ఇచ్చి చూడు. తరువాత ‘ఆస్తి’ ఇవ్వు. ‘ఆసిత’ అన్నాడంటే నియమం ఇంకా అందలేదు, మళ్లీ అట్టముక్కల దగ్గరకు వెళ్లాలి. వాటినీ సరిగా చదివితే, అప్పుడు చెప్పి రాయించు.

అర్థమైనా నెమ్మదిగానే చదువుతాడు. అందుకని సైన్సు, సాంఘికశాస్త్రం ప్రశ్నలను నువ్వే చదివి వినిపించి, జవాబు నోటితో చెప్పనివ్వు. న ఒత్తు చూపుకు త ఒత్తుకు దగ్గరగా ఉంటుంది కాబట్టి, ఇది గట్టిపడేవరకు దాన్ని మొదలుపెట్టకు.